కిట్‌లో రెండు గీతలు, స్కాన్‌లో ఖాళీ గర్భసంచి: తర్వాతి 48 గంటల్లో ఏం చేయాలి, అంకెలు ఎలా చదవాలి

నెల తప్పింది, కిట్‌లో రెండు గీతలు వచ్చాయి. కొంచెం బ్లీడింగ్ కనపడడం వల్లో, పొత్తికడుపులో నొప్పి వల్లో, ఉండబట్టలేకో స్కాన్‌కు వెళ్లారు. లోపల ఏమీ కనపడలేదన్నారు. రిపోర్టు చివర్లో ప్రెగ్నెన్సీ ఆఫ్ అన్‌నోన్ లొకేషన్ అనో, PUL అనే మూడక్షరాలో ఉన్నాయి. గర్భం ఉంది కానీ ఎక్కడుందో ఇంకా తెలియలేదని దానర్థం.

ఇది జబ్బు పేరు కాదు. ఇవాళ్టికి తెలిసింది ఇంతేనని చెప్పే మాట. దీని వెనక మూడింట్లో ఒకటి ఉంటుంది. గర్భం సరైన చోటే ఉండి స్కాన్‌కు అందనంత చిన్నగా ఉండొచ్చు. నిలవకుండా ఇప్పటికే కరిగిపోతూ ఉండొచ్చు. లేదా గర్భసంచి బయట, ఎక్కువగా ట్యూబులో, పెరుగుతూ ఉండొచ్చు. ఎక్కువమందికి మొదటి రెండింట్లో ఏదో ఒకటే తేలుతుంది. మూడోది వందలో 6 నుంచి 20 మందికి ఉంటుంది. ఎవరికి ఏది అన్నది మొదటి రోజే చెప్పడం ఏ డాక్టరుకూ కుదరదు. 48 గంటల తేడాతో చేసే రెండు రక్త పరీక్షలు, కొన్నాళ్లకు మరో స్కాన్, ఈ మధ్యలో ప్రమాద సూచనల మీద ఓ కన్ను: పని మొత్తం ఇదే. దాన్ని వరుసగా చూద్దాం.

1. మీకు జరిగింది ఏ స్కానో ముందు చూసుకోండి

పొట్ట మీద జెల్ రాసి చేసిన స్కాన్‌లో ఏమీ కనపడకపోతే ఏమీ తేలలేదనే లెక్క. ఇంత తొలి రోజుల్లో యోనిలోంచి చేసే ఇంటర్నల్ స్కాన్ కావాలి. రిపోర్టులో దాన్ని TVS అని రాస్తారు. పొట్ట మీది స్కాన్‌లో కనపడడానికి దాదాపు వారం ముందే గర్భం ఇందులో కనపడుతుంది. దీనికి మూత్రం పోసి ఖాళీ మూత్రాశయంతో వెళ్లాలి. నీళ్లు తాగి బిగబట్టుకోవాల్సింది పొట్ట మీది స్కాన్‌కు.

TVS జరిగి ఉంటే రిపోర్టులో నాలుగు విషయాలు వెతకండి: గర్భసంచి లోపలి పొర మందం, రెండు అండాశయాలు ఎలా ఉన్నాయి, వాటి పక్కన గడ్డలాంటిది ఏదైనా ఉందా, గర్భసంచి వెనక నీరు గానీ రక్తం గానీ చేరిందా. ఈ నాలుగూ రాయకుండా ‘గర్భం కనపడలేదు’ అని ఒక్క లైను రాసి ఇస్తే మళ్లీ చేయించమని అడగడం తప్పేమీ కాదు. పీయూఎల్ అనే మాట వాడాలంటే గర్భసంచిలో లేదని చూసినంత శ్రద్ధగా బయట కూడా లేదని చూసి ఉండాలి.

ఇక్కడ రెండు చోట్ల చూపు మోసపోతుంది. మొదటిది గర్భసంచి నడిమధ్య చేరే కొద్దిపాటి నీరు. చూడ్డానికి గర్భపు సంచిలాగే ఉంటుంది. అసలు సంచి మాత్రం సరిగ్గా మధ్యలో ఉండదు. ఒక పక్కకు జరిగి లోపలి పొరలో పూడుకుని, చుట్టూ తెల్లని అంచుతో గుండ్రంగా ఉంటుంది. లోపల యోక్ శాక్ అనే చిన్న ఉంగరం కనపడిందంటే ఇక సందేహం లేదు. రెండోది అండం విడుదలైన చోట అండాశయంలో మిగిలే కార్పస్ ల్యూటియం. ఇదీ ఉంగరంలాగే కనపడుతుంది. దీన్నే ట్యూబు గర్భమనుకుని కంగారు పెట్టిన రిపోర్టులు తక్కువేం కాదు. అనుభవమున్నవాళ్లు ప్రోబ్‌తో మెల్లగా నొక్కి చూస్తారు. అండాశయం కదిలినప్పుడు ఉంగరం కూడా దాంతోపాటే కదిలితే అది కార్పస్ ల్యూటియం. అండాశయం ఒకలా, ఉంగరం ఇంకోలా, దేనికది జారితే అప్పుడు ట్యూబును అనుమానించాలి.

2. ఇంటికి బయల్దేరే ముందు

అంకెల సంగతి తర్వాత. ముందు మీరు ఇంటికి వెళ్లగలిగే స్థితిలో ఉన్నారా లేదా అన్నది తేలాలి. కళ్లు తిరుగుతున్నా, నొప్పి తీవ్రంగా ఉన్నా, స్కాన్‌లో రక్తం చేరినట్టున్నా రక్త పరీక్ష ఫలితం వచ్చేదాకా ఇంట్లో కూర్చునే ప్రశ్నే లేదు. ఆసుపత్రిలోనే ఉండాలి.

బాగానే ఉన్నారంటే ఇంటికి పంపిస్తారు. అయితే ఈ కింది వాటిలో ఏది కనపడినా, రాత్రి ఎంతైనా సరే, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి:

- పొత్తికడుపులో, ముఖ్యంగా ఒక పక్కన, హఠాత్తుగా వచ్చిన నొప్పి, లేదా గంట గంటకూ పెరిగే నొప్పి
- భుజం చివర నొప్పి, పడుకున్నప్పుడు ఎక్కువయ్యేది
- కళ్లు తిరగడం, సొమ్మసిల్లడం, ఒళ్లు చల్లబడి చెమటలు పట్టడం
- మలవిసర్జనకు వెళ్లినప్పుడు లోపల నొక్కేసినట్టు నొప్పి
- గంటకో ప్యాడ్ తడిసిపోయేంత బ్లీడింగ్

భుజం నొప్పి జాబితాలో ఎందుకుందని చాలామంది అడుగుతారు. ట్యూబు చిట్లి కారిన రక్తం పొట్ట పైభాగానికి చేరి డయాఫ్రమ్ అనే కండరాన్ని తాకుతుంది. ఆ కండరం నుంచి, భుజం నుంచి వచ్చే నరాలు మెడ దగ్గర ఒకే చోట కలుస్తాయి. అందుకే నొప్పి భుజంలో ఉన్నట్టు అనిపిస్తుంది. చెయ్యి పట్టేసిందని బామ్ రాసుకుని పడుకునే నొప్పి కాదిది.

బయటికి కనపడే బ్లీడింగ్‌ను బట్టి ప్రమాదాన్ని అంచనా వేయొద్దు. ట్యూబు చిట్లినప్పుడు రక్తం పొట్ట లోపలే చేరుతుంది. ప్యాడ్ మీద రెండు మరకలే ఉండొచ్చు.

గతంలో ట్యూబు గర్భం వచ్చిందా, ట్యూబులకు గానీ పొట్టకు గానీ ఆపరేషన్ జరిగిందా, కాపర్ టీ లాంటిది లోపల ఉందా, ఈ గర్భం ఐవీఎఫ్ ద్వారా వచ్చిందా అన్నవి డాక్టరు అడగకపోయినా చెప్పండి. ఇవేవీ లేవని మాత్రం నిశ్చింతగా ఉండకండి. ట్యూబు గర్భం వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఇలాంటి కారణం ఒక్కటీ ఉండదు. మీ బ్లడ్ గ్రూపు కూడా ఫైల్లో ఉండేట్టు చూసుకోండి. నెగటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా కాదా అన్నది తర్వాత ఏ చికిత్స జరుగుతుందన్న దాన్ని బట్టి డాక్టరు తేలుస్తారు.

ఈ వారం పది రోజులు ఆసుపత్రికి దూరంగా ప్రయాణాలు పెట్టుకోవద్దు. రాత్రిళ్లు ఇంట్లో ఒంటరిగా ఉండకుండా చూసుకోండి. విషయం ఏంటో ఇంట్లో కనీసం ఒకరికైనా పూర్తిగా తెలిసి ఉండాలి. మీరు సొమ్మసిల్లితే ఆసుపత్రిలో ‘ఈమెకు ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్, స్కాన్‌లో ఎక్కడుందో కనపడలేదు’ అని చెప్పాల్సింది వాళ్లే.

3. వారాలు మళ్లీ లెక్కపెట్టండి

ఇంటర్నల్ స్కాన్‌లో గర్భపు సంచి కనపడడం నాలుగున్నర, ఐదు వారాల మధ్య మొదలవుతుంది. యోక్ శాక్ ఐదున్నర వారాలకు, గుండె కొట్టుకోవడం ఆరో వారం ప్రాంతంలో కనపడతాయి. ఈ వారాలన్నీ చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. అది కూడా 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లకు.

మీకు 35 రోజులకోసారి వస్తుందనుకోండి. అండం 14వ రోజున కాకుండా 21వ రోజు ప్రాంతంలో విడుదలవుతుంది. క్యాలెండర్ చూసి ‘ఐదు వారాలు’ అంటే లోపలున్నది నాలుగు వారాల గర్భమే. దాన్ని ఏ మెషీనూ చూపించలేదు. మాత్రలు ఆపిన వెంటనే గర్భం వచ్చినా, పాలిస్తున్నప్పుడు వచ్చినా ఇదే గందరగోళం. అండం విడుదల కిట్‌తో చూసుకున్న తేదీ గానీ, ఐవీఎఫ్‌లో పిండాన్ని పెట్టిన తేదీ గానీ ఉంటే అదే చెప్పండి. నెలసరి తేదీకన్నా అది నమ్మకమైనది.

4. మొదటి బీటా: ఆ ఒక్క అంకెతో ఏదీ తేల్చకండి

రక్తంలో బీటా హెచ్‌సీజీ అనే గర్భం హార్మోన్ ఎంతుందో చూస్తారు. రిపోర్టులో mIU/mL అని ఉన్నా IU/L అని ఉన్నా అంకె ఒకటే, మార్చుకోనక్కర్లేదు. దాని పక్కన రక్తం తీసిన తేదీతోపాటు టైమ్ కూడా రాసుకోండి. రిపోర్టు చేతికొచ్చిన టైమ్ కాదు, సూది గుచ్చిన టైమ్. ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

అంకె వచ్చాక ‘ఐదు వారాలకు ఎంత ఉండాలి’ అని పట్టికలు వెతకడం మొదలవుతుంది. అది ఇక్కడ ఎందుకూ పనికిరాదు. ఒకే వారంలో ఉన్న ఇద్దరు ఆరోగ్యవంతుల మధ్యే ఈ అంకె ఎన్నో రెట్లు తేడాగా ఉంటుంది. అంకె చిన్నగా ఉంటే ట్యూబు చిట్లదన్న నమ్మకం ఇంకా ప్రమాదం. వంద లోపు బీటాతో చిట్లిన ట్యూబులు కూడా ఉన్నాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ‘బీటా 1500 దాటితే గర్భసంచిలో సంచి కనపడి తీరాలి, కనపడలేదంటే ట్యూబులో ఉన్నట్టే’ అనే లెక్క చాలాకాలం నడిచింది. ఆ గీత తర్వాత సడలింది. కవలలైతే బీటా ముందే పెరిగిపోతుంది, సంచులు మాత్రం వాటి సమయానికే కనపడతాయి. ఫైబ్రాయిడ్లు ఉన్నా, గర్భసంచి వంగి ఉన్నా చూపు సరిగా అందదు. అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంఘం ఏకాగ్, ఇలాంటి గీత వాడాల్సివస్తే 3500 దాకా ఎత్తున పెట్టుకోమంటుంది. బ్రిటన్‌లోని నైస్ మార్గదర్శకం అసలు గర్భం ఎక్కడుందో తేల్చడానికి బీటా అంకెను వాడొద్దనే చెబుతుంది. అలాగని 4000 బీటా, ఖాళీ గర్భసంచి కలిసొస్తే తేలిగ్గా తీసుకోకూడదు. అప్పుడు అదే రోజు అనుభవమున్న డాక్టరు చూడాలి.

5. సరిగ్గా 48 గంటలకు రెండో బీటా

అసలు సమాచారం ఇచ్చేది ఇదే. మొదటిసారి ఇచ్చిన ల్యాబ్‌లోనే ఇవ్వండి. ఒక్కో ల్యాబ్ మెషీన్, కిట్ వేరు కావడంతో ఒకే రక్తానికి రెండు చోట్ల రెండు అంకెలు వస్తాయి. ఒక చోట 500, ఇంకో చోట 600 వస్తే ఆ వంద పెరిగింది గర్భంలోనో మెషీన్ల తేడాలోనో చెప్పే దారి లేదు.

లెక్క ఇలా చేయాలి:

```
మార్పు శాతం = (రెండో బీటా − మొదటి బీటా) ÷ మొదటి బీటా × 100
```

వచ్చిన శాతాన్ని నైస్ మార్గదర్శకం మూడు దారుల్లోకి పంపుతుంది.

63 శాతం కన్నా ఎక్కువ పెరిగితే గర్భం సరైన చోటే పెరుగుతూ ఉండే అవకాశం ఎక్కువ. 310 ఉన్న బీటా 545 అయిందంటే 76 శాతం పెరిగినట్టు. ఇప్పుడు 7 నుంచి 14 రోజుల మధ్య మళ్లీ ఇంటర్నల్ స్కాన్. బీటా 1500 దాటి ఉంటే ఇంకా ముందే చేయొచ్చు. ఎన్నాళ్లు ఆగాలన్నది ఊరికే పెట్టిన గడువు కాదు. 545 రెండు రోజులకోసారి దాదాపు రెట్టింపవుతూ వారం తిరిగేసరికి కొన్ని వేలకు చేరుతుంది. అప్పటికి సంచి కనపడాలి. మూడో రోజే వెళ్తే మళ్లీ ‘ఏమీ లేదు’ అనే వింటారు, మీ గుండె దడ పెరగడం తప్ప లాభం లేదు.

50 శాతం కన్నా ఎక్కువ తగ్గితే గర్భం నిలిచే అవకాశం దాదాపు లేదు. 380 ఉన్నది 160 అయిందంటే 58 శాతం తగ్గింది. రెండు వారాల తర్వాత ఇంట్లో మూత్ర పరీక్ష చేసుకోవాలి. నెగటివ్ వస్తే అక్కడితో అయిపోయింది. ఇంకా పాజిటివ్ వస్తే 24 గంటల్లోపు మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలి. ఆ రెండు వారాలూ పైన చెప్పిన ప్రమాద సూచనలు ఎప్పటిలాగే వర్తిస్తాయి. ట్యూబులో ఉన్న గర్భం కూడా కొన్నిసార్లు తనంతట తానే కరుగుతుంది, కరుగుతూ చిట్లడం కూడా ఉంది.

ఈ రెండింటికీ మధ్యలో పడితే, అంటే కొంచెమే పెరిగినా, అక్కడే ఉన్నా, కొంచెమే తగ్గినా, 24 గంటల్లోపు డాక్టరు మిమ్మల్ని చూడాలి. ట్యూబు గర్భాలు ఎక్కువగా దొరికేది ఈ మధ్య గుంపులోనే.

ఇక్కడ ఒక తికమక ఉంది. ఏకాగ్ పత్రంలో 63 కనపడదు. మొదటి బీటా 1500 లోపుంటే 49 శాతం, 1500 నుంచి 3000 మధ్య 40 శాతం, ఆపైన 33 శాతం అని ఉంటుంది. రెండింట్లో ఏది నిజమని కొట్టుకోనక్కర్లేదు, రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. 49 అనేది నేల. గర్భసంచిలో బాగా పెరుగుతున్న గర్భాల్లో దాదాపు అన్నీ దానికన్నా వేగంగానే పెరుగుతాయి, కాబట్టి అంతకన్నా తక్కువైతే అనుమానించాలి. 63 అనేది కాస్త ధైర్యంగా ఇంటికి పంపడానికి పెట్టుకున్న గీత. మీది 55 వస్తే గర్భం పోయినట్టు కాదు. దగ్గర్నుంచి చూడాల్సిన గుంపులో ఉన్నారంతే. అలాగే 70 వస్తే ట్యూబు భయం పూర్తిగా పోయినట్టూ కాదు. ట్యూబు గర్భాల్లో దాదాపు ఐదింట ఒకదానిలో బీటా మామూలు గర్భంలాగే పెరుగుతుంది. గర్భం ఎక్కడుందో స్కాన్ చూపించేదాకా అంకె ఎంత అందంగా ఉన్నా ఫైల్ మూయకూడదు.

ఇక టైమ్ సంగతి. మొదటి రక్తం సోమవారం సాయంత్రం 6కి, రెండోది గురువారం ఉదయం 6కి ఇచ్చారనుకోండి. మీరు ‘రెండు రోజుల తర్వాత’ అనుకుంటారు. నిజానికి 60 గంటలైంది. బీటా 600 నుంచి 1020కి పెరిగితే 70 శాతం, గీత దాటినట్టే కనపడుతుంది. దాన్ని 48 గంటలకు కుదిస్తే 53 శాతమే. మధ్య గుంపులో ఉండాల్సినవాళ్లు నిశ్చింతగా ఇంట్లో ఉంటారు. 40 గంటలకే ఇస్తే ఇది తిరగబడుతుంది, బాగా పెరుగుతున్నది మందకొడిగా కనపడి భయపెడుతుంది. రెండు మూడు గంటలు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. పూట మారితే మాత్రం ఎన్ని గంటలైందో డాక్టరుకు చెప్పండి.

6. మధ్య గుంపులో పడితే ఎలా నడుస్తుంది: ఒక ఉదాహరణ

28 రోజుల నెలసరి ఉన్న ఒకామె అనుకుందాం. చివరి నెలసరి మార్చి 2న. ఏప్రిల్ 7కి ఐదు వారాల ఒక రోజు. మూడు రోజులుగా గోధుమ రంగు మరకలు, నొప్పి లేదు. ఇంటర్నల్ స్కాన్‌లో లోపలి పొర 9 మిల్లీమీటర్లు, సంచి లేదు. ఎడమ అండాశయంలో కార్పస్ ల్యూటియం ఉంది, బయట నీరు లేదు. ఉదయం 10 గంటలకు తీసిన రక్తంలో బీటా 420.

ఏప్రిల్ 9, ఉదయం 10 గంటలకు బీటా 560. పెరిగింది 33 శాతం. ఇంట్లోవాళ్లు ‘పెరిగింది కదా’ అని ఊపిరి పీల్చుకుంటారు. కానీ 49 నేలకు కూడా ఇది చేరలేదు. మర్నాడే డాక్టరు చూస్తారు. బీపీ, నాడి బాగున్నాయి, పొట్ట మెత్తగానే ఉంది, కాబట్టి ఆగి చూడొచ్చు. ఏప్రిల్ 11న 610, అంటే 9 శాతం. ఏప్రిల్ 13న 655, అంటే 7 శాతం. పెరగడం లేదు, తగ్గడమూ లేదు. ఇలా అక్కడక్కడే తచ్చాడే బీటాను పోతున్న గర్భమని వదిలేయకూడదు. పోయేదైతే చురుగ్గా దిగాలి.

ఏప్రిల్ 14న మళ్లీ స్కాన్. ఈసారి ఎడమ అండాశయానికీ గర్భసంచికీ మధ్య 14 మిల్లీమీటర్ల ఉంగరం కనపడింది, నొక్కితే అండాశయంతో కలవకుండా విడిగా జారుతోంది. అంటే వారం క్రితం కూడా అది అక్కడే ఉంది, కనపడేంత ఎదగలేదు. మొదటి స్కాన్ చేసినవాళ్ల తప్పేమీ లేదు. ఇక్కడితో పీయూఎల్ అన్న మాట పోయి ట్యూబు గర్భం అన్న మాట వచ్చింది.

గడ్డ చిన్నది, చిట్లలేదు, గుండె చప్పుడు లేదు, బీటా తక్కువ, నొప్పి లేదు. ఇలాంటప్పుడు ఆపరేషన్ లేకుండా మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఒక దారి. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు. ఆమెది 1.6 చదరపు మీటర్లయితే 80 మిల్లీగ్రాములు. అంతకుముందే రక్తకణాలు, లివరు, కిడ్నీ పరీక్షలు చూస్తారు. ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపేయాలి, అవి ఈ మందు పనికి అడ్డం. ఇంజెక్షన్ ఇచ్చిన నాలుగో రోజు బీటా 720కి పెరిగింది. మందు పనిచేయలేదని చాలామంది హడలిపోయే చోటిది. నాలుగో రోజుకు కొంచెం పెరగడం మామూలే. నాలుగో రోజుకూ ఏడో రోజుకూ మధ్య కనీసం 15 శాతం తగ్గిందా అన్నదే చూడాలి. ఏడో రోజు 540, అంటే 25 శాతం తగ్గింది. అక్కణ్నుంచి వారానికోసారి, గర్భం లేని స్థాయికి వచ్చేదాకా పరీక్షలు. ఆ తర్వాత కూడా కనీసం మూడు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

7. ఇంజెక్షన్ విషయంలో తొందరపెట్టొద్దు, తొందరపడనివ్వొద్దు

మెథోట్రెక్సేట్ పెరుగుతున్న కణాలను ఆపే మందు. గర్భసంచిలో బతికున్న పిండం ఉంటే దాన్నీ ఆపుతుంది. మిగిలినా అవయవ లోపాలు రావొచ్చు. అందుకే మొదటి రోజు, ఒక్క బీటా, ఒక్క స్కాన్ చూసి ‘ట్యూబులోనే ఉండొచ్చు, ఇంజెక్షన్ వేసేద్దాం’ అంటే, మీరు స్థిరంగా ఉన్నంతవరకు, రెండు ప్రశ్నలు అడగండి: గర్భం బయట ఉన్నట్టు స్కాన్‌లో కనపడిందా? కనపడకపోతే, గర్భసంచిలో బతికే గర్భం కాదని దేన్ని బట్టి తేల్చారు? రెండింటికీ జవాబు లేకపోతే 48 గంటలు ఆగడమే సరైన చికిత్స.

ఎన్ని స్కాన్‌లు చేసినా కనపడక, బీటా మాత్రం అక్కడే ఆగిపోతే గర్భసంచి లోపలి నుంచి కొంత కణజాలం తీసి చూడడం ఒక మార్గం. అందులో గర్భపు భాగాలు దొరికితే, లేదా మర్నాటికి బీటా చకచకా పడిపోతే, గర్భం లోపలే ఉండి పోయినట్టు. ఏదీ జరగకపోతే బయట ఉందని అర్థం. దీన్ని కూడా గర్భం నిలిచే ఆశ లేదని బీటా వరుస చెప్పాకే చేస్తారు.

8. లెక్క తప్పించేవి

రోజూ కిట్ చేసి గీత ముదిరిందా లేదా అని పోల్చుకోవడం మానేయండి. గీత రంగు ఆ పూట ఎన్ని నీళ్లు తాగారన్న దాన్ని బట్టి కూడా మారుతుంది.

ప్రొజెస్టిరాన్ మాత్రలో ఇంజెక్షన్లో వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. కొన్ని చోట్ల మొదటి రోజే ప్రొజెస్టిరాన్ పరీక్ష కూడా చేస్తారు. అది బాగా తక్కువుంటే గర్భం నిలవట్లేదని అర్థం. బయటి నుంచి ఇస్తున్నప్పుడు ఆ అంకెను నమ్మడానికి లేదు. పైగా బ్లీడింగ్ కూడా ఆలస్యం కావొచ్చు.

అండం విడుదలకు హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకుని ఉంటే రెండు వారాల దాకా దాని జాడే కిట్‌లో పాజిటివ్‌గా రావొచ్చు. అప్పుడు గర్భం ఎక్కడుందని వెతకడం కాదు, అసలు ఉందా అన్నది ముందు తేలాలి.

రక్తంలో బీటా నెల్లాళ్లుగా ఒకే అంకె దగ్గర ఉండి మూత్ర పరీక్ష మాత్రం నెగటివ్ వస్తుంటే, రక్తంలోని వేరే యాంటీబాడీలు మెషీన్‌ను మోసం చేస్తుండొచ్చు. అవి మూత్రంలోకి రావు. అరుదే, కానీ ఏ మందూ వేయకముందే చూసుకోవాల్సిన విషయం.

నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. అది వేసుకున్నా తగ్గని నొప్పికి ఇంకో గట్టి మాత్ర వేసుకుని పడుకోవద్దు. అది ఆసుపత్రికి వెళ్లాల్సిన నొప్పి.

9. బ్లీడింగ్ అయిపోయాక

పెద్ద బ్లీడింగ్ అయి గడ్డలు పడ్డాయి, అంతా బయటికి వచ్చేసిందని పరీక్షలు మానేసేవాళ్లు ఎక్కువ. ట్యూబు గర్భంలోనూ గర్భసంచి పొర ఊడి గడ్డలుగా పడుతుంది, తేడా కంటికి తెలియదు. అంతకుముందు ఏ స్కాన్‌లోనూ గర్భం లోపల కనపడలేదు కాబట్టి, బీటా దిగిపోయేదాకా, లేదా మూత్ర పరీక్ష నెగటివ్ అయ్యేదాకా మీది ఇంకా పీయూఎల్లే.

అది కూడా అయ్యాక డిశ్చార్జి కాగితం మీద ఏం రాశారో చూడండి. గర్భం ఎక్కడుందో చివరికీ తెలియకుండానే కరిగిపోయి ఉంటే ‘అబార్షన్’ అని ఒక్క ముక్కలో రాయొద్దని, స్థానం తెలియకుండా పోయిన గర్భమని బీటా తేదీలతో సహా రాయమని అడగండి. మళ్లీ నెల తప్పినప్పుడు ఆ కాగితం చూసిన డాక్టరు ఆరో వారంలోనే ఇంటర్నల్ స్కాన్ రాస్తారు.